రాజీనామా ఇవ్వని కోడలు

మా కోడలు హెలెనా జీవితం గురించి నాలుగు పేజీలు రాయమని బ్రిస్బేన్ తెలుగు క్రైస్తవ సహవాసం వారు తమ సంచిక కోసం అడిగారు. ముందు హెలెనానే అడిగారట. "నాకు టైం లేదు ఆంటీ, మా అత్తయ్య రాస్తారు" అందట. రాస్తాను. బాపట్లకు పది మైళ్ళ దూరంలో మా పల్లె, అక్కడి మిషన్ బడిలో ఎనిమిదో తరగతి పూర్తి చేసిన మొదటి ఆడపిల్లను నేను. స్త్రీల సమాజానికి పదకొండేళ్ళు కార్యదర్శిగా ఉన్నాను. అరవై నలుగురు ఆడవాళ్ళకు సంతకం పెట్టడం నేర్పాను. మా వారు పోయాక ముగ్గురు పిల్లల్ని ఒంటి చేత్తో ఒడ్డుకు చేర్చాను. నా పేరు సువర్ణకుమారి. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఈ కథలో ఒకచోట నేను పెద్ద పొరపాటు చేశాను. తెలివితక్కువదాన్ని కాబట్టి చేశానని ఎవరూ అనుకోకూడదు. తెలివిగలదాన్నని నమ్మకం కాబట్టే చేశాను.

హెలెనాని మొదట చూసింది 1986లో, గుంటూరులో. మా చిన్నవాడు ఫ్రాంక్లిన్ ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఆస్ట్రేలియా వెళ్ళడానికి కాగితాలు పెట్టుకుని ఉన్నాడు. హెలెనా మిషన్ ఆసుపత్రిలో నర్సింగు పూర్తి చేసి, మంత్రసాని పని చదువు ఆఖరి నెలల్లో ఉంది. టీ ఇచ్చి కూర్చుంది. తల దించుకోలేదు. ఫ్రాంక్లిన్‌ని సూటిగా అడిగింది.

"ఆస్ట్రేలియాలో మీ ఉద్యోగం ఒకే ఊళ్ళో ఉంటుందా, ఊళ్ళు మారాలా?"

వాళ్ళమ్మ పక్కనుంచి మోచేత్తో పొడిచింది. నేను నవ్వుతూనే ఒకటి అంటించాను. "ఊరేదైతే నీకేం అమ్మాయ్? పొయ్యి అన్ని ఊళ్ళలోనూ ఒకేలా మండుతుంది."

"పొయ్యి గురించి కాదండీ. ఆసుపత్రి అన్ని ఊళ్ళలో ఉంటుందో లేదోనని."

ఫ్రాంక్లిన్ అక్కడికక్కడే పడిపోయాడు, నేను చూశాను. పెళ్ళి మాత్రం నేను అనుకున్న జూన్‌లో జరగలేదు. పరీక్షలు రాసి, సర్టిఫికెట్ చేతికొచ్చాకే పెళ్ళన్నది ఆ పిల్ల. నాలుగు నెలలు ఆగాం. శుభలేఖలు అచ్చేసే అబ్బాయికి నేనే వెళ్ళి ఆపమని చెప్పొచ్చాను. ఆ చిరాకు నాకు రెండేళ్ళు ఉంది. ఆ సర్టిఫికెట్ అప్పుడు తీసుకోకపోయి ఉంటే బ్రిస్బేన్‌లో నర్సుగా నమోదయ్యేదే కాదని తర్వాత తెలిసింది. సగం చదువుకు ఇక్కడి వాళ్ళు విలువ కట్టరు.

87 చివర వాళ్ళిద్దరూ వచ్చారు, 88లో నన్ను తీసుకొచ్చారు. బ్రిస్బేన్‌లోనే సన్నీబ్యాంక్ అనే పేటలో రెండు గదుల అద్దె ఇల్లు. ఇక్కడి నర్సుల బోర్డు హెలెనా కాగితాలన్నీ చూసి, కొన్ని నెలలు ఆసుపత్రిలో పెద్ద నర్సుల కళ్ళ ముందు పనిచేసి చూపించమంది. చూపించింది. జూలైలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. నేను ప్రార్థన పెట్టించి అందరికీ పాయసం పోశాను. నా దృష్టిలో అక్కడితో ఆమె కోరిక తీరింది. ఆమె దృష్టిలో అప్పుడే మొదలైంది.

హెలెనా కోరిక నర్సుగా ఉండటం కాదు, నర్సులకు చదువు చెప్పడం. వార్డులో కొత్త పిల్లలకు ఇంజక్షన్ చెయ్యడం చూపిస్తుంటే తన చేతులకి ఎక్కడ లేని ఓపిక వస్తుందని అనేది. అయితే ఆ రోజుల్లోనే ఈ దేశంలో నర్సింగు చదువు ఆసుపత్రుల్లోంచి కాలేజీల్లోకి వెళ్ళిపోతోంది. మునుపటిలా సర్టిఫికెట్‌తో పాఠం చెప్పే రోజులు పోయాయి, డిగ్రీ కావాలి. ఉద్యోగం మానకుండా డిగ్రీ ఎలా? బ్రిస్బేన్‌కి రెండు గంటల దూరంలో టూవూంబా అనే ఊళ్ళో ఒక కాలేజీ పోస్టులో పాఠాలు పంపేది. లావుపాటి పుస్తకాలు, క్యాసెట్లు తపాలాలో వస్తాయి. వ్యాసాలు రాసి తపాలాలో పంపాలి. మనం ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళోనే పరీక్ష రాయొచ్చు. గుంటూరు మిషన్ ఆసుపత్రిలో చదివిన చదువుకి కొంత మినహాయింపు ఇచ్చారు, పన్నెండు సబ్జెక్టులు మిగిలాయి.

ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక, పాత క్యాలెండరు కాగితం వెనక గీతలు గీసింది. పైనుంచి కిందికి సంవత్సరాలు. ఒక వరసలో ఉద్యోగం, ఒక వరసలో చదువు, ఒక వరసలో ఇల్లు. ఇల్లు వరసలో రెండుచోట్ల 'బిడ్డ' అని, మూడుచోట్ల 'బదిలీ?' అని రాసింది.

"బిడ్డలకి కూడా టైంటేబులా?" అన్నాను. "దేవుడికి కూడా ఒక కాపీ ఇచ్చావా?"

"ఆయన మారిస్తే మారుస్తానత్తయ్యా. అందుకే పెన్సిల్‌తో రాశాను."

కూరలు తరుగుతూ ఆమె చెప్పింది విన్నాను. టూవూంబా వెళ్ళి వారంపాటు ఉండి ప్రాక్టికల్ చేయాల్సిన సబ్జెక్టులు కొన్ని ఉన్నాయట. అవి బిడ్డ రాకముందే, బ్రిస్బేన్‌లో ఉండగానే ముగించెయ్యాలి. ఊరికే చదివి రాసే సబ్జెక్టులు బిడ్డ ఒళ్ళో ఉండే ఏడాదికి దాచాలి. ఫ్రాంక్లిన్‌కి బదిలీ అయితే పుస్తకాలు కొత్త చిరునామాకి వస్తాయి, అంతే. ఏ ఏడాదైనా ఒక్క సబ్జెక్టయినా చెయ్యాలి, ఒక్క సబ్జెక్టయితే అదే చాలు. "ఆగకూడదు అత్తయ్యా. నడక తగ్గితే ఫరవాలేదు." నేను వంకాయలు నీళ్ళలో వేశాను. కోరిక ఉండటం వేరు, దానికి దారి గీసుకుని ఉండటం వేరని నాకు ఆవేళ తోచలేదు. ఇంత పొగరేంటి అనిపించింది, నిజం చెప్పాలంటే.

89లో నాలుగు సబ్జెక్టులు ముగించింది, టూవూంబా రెండుసార్లు వెళ్ళొచ్చింది. 90 మొదట్లో కడుపుతో ఉందని తెలిసింది. నవంబరు ఇరవై అన్నారు. ఆ జూన్‌కి మరో రెండు సబ్జెక్టులు రాసేసి, ఆ ఏడాది రెండో సగంలో ఏమీ తీసుకోలేదు. నవంబరులో పరీక్షలూ నొప్పులూ ఒకేసారి రాకూడదు కదా. ఆగస్టులో ఫ్రాంక్లిన్ ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా చెప్పాడు.

"గ్లాడ్‌స్టన్ పంపిస్తున్నారమ్మా. జనవరి నుంచి రెండేళ్ళు. పవర్ స్టేషన్ పని."

గ్లాడ్‌స్టన్ ఇక్కడికి ఐదు వందల కిలోమీటర్ల పైన. హెలెనా పెన్సిల్ తీసుకుని క్యాలెండరు కాగితం దగ్గరకు వెళ్ళింది. మొదటి 'బదిలీ' పక్కనున్న ప్రశ్న గుర్తు చెరిపేసింది.

నా పొరపాటు ఇక్కడ మొదలైంది.

ఆసుపత్రిలో పన్నెండు నెలలు ఆగకుండా పనిచేసినవాళ్ళకి కానుపు కోసం జీతం లేని సెలవు ఏడాది ఇస్తారు. ఉద్యోగం వాళ్ళ పేరు మీదే ఉంటుంది. హెలెనా ఆ సెలవు అడుగుతానంది. ఏడాది సెలవు తీసుకుని, జనవరిలో వేరే ఊరు వెళ్ళిపోయే మనిషి ఉద్యోగం పట్టుకుని ఉండటమేంటి? నాకది సిగ్గుపడాల్సిన పనిలా అనిపించింది.

"చూడమ్మాయ్, 1961లో మిషన్ కుట్టు బడిలో నేను టీచర్ని. మా పెద్దాడు కడుపులో పడ్డాడు. ఇన్ని నెలలు బడికి రాలేనని తెలిసి, నేనే వెళ్ళి దొరసానమ్మ చేతికి ఉత్తరం ఇచ్చాను. ఆమె ఎంత మెచ్చుకుందో తెలుసా? పాదిరిగారు ప్రసంగంలో నా పేరు చెప్పారు."

"తర్వాత మళ్ళీ చేరారా అత్తయ్యా?"

"చేరడానికి అది ఖాళీగా ఉంటే కదా."

ఫ్రాంక్లిన్ పేపరు వెనక్కి వెళ్ళిపోయాడు. మా సహవాసంలో పెద్ద సుందర్ రాజు గారు, మన దేశంలో రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. ఇంగ్లీషు ముత్యాల్లా రాస్తారు. ఆయన్ని అడిగాను.

"చెల్లెమ్మా, ఇది మన పరువు విషయం," అన్నారాయన. "దొరలు పొమ్మనకముందే మనం గౌరవంగా తప్పుకోవాలి. రేపు ఊరు మారితే అక్కడ కొత్త ఉద్యోగం చూసుకోవచ్చు. నేను రాసిస్తాను."

రాసిచ్చారు. మూడు పేరాలు. ఆసుపత్రికి కృతజ్ఞతలు, కుటుంబ పరిస్థితులు, వినయపూర్వక రాజీనామా. సంతకానికి చోటు వదిలి టైపు కొట్టించి కవరులో పెట్టారు. హెలెనాకి ఇస్తే చదివింది, మడిచి మళ్ళీ నా చేతిలోనే పెట్టింది. "సంతకం పెట్టను అత్తయ్యా. అమ్మ లాంటి మీరు చెప్పారు కాబట్టి చింపను, అంతే."

సెలవు కావాలంటే కానుపు తేదీకి కనీసం పది వారాల ముందే డాక్టరు సర్టిఫికెట్‌తో చెప్పాలట. సెప్టెంబరు మొదటి వారంలో ఆమె నర్సింగు పెద్దావిడతో మాట్లాడటానికి వెళ్తుంటే నేను కూడా వస్తానన్నాను. ఆవిడ పేరు సిస్టర్ డోయల్. ఒకసారి మా ఇంటికొచ్చి నా చేతి పులిహోర తిని వెళ్ళింది. కోడలి తరఫున పెద్దదాన్ని నేను వెళ్ళి కృతజ్ఞత చెప్పడం మర్యాద అనుకున్నాను. స్టీలు డబ్బాలో మినప సున్నుండలు పట్టుకున్నాను. సంచిలో కవరు కూడా ఉంది.

ఆఫీసులో కూర్చున్నాం. హెలెనా మాట మొదలుపెట్టేలోపే నేను లేచాను. డబ్బా బల్ల మీద పెట్టి, దాని మీద కవరు పెట్టి, నాకు వచ్చిన ఇంగ్లీషులో "థాంక్యూ సిస్టర్, ఫర్ ఆల్ యువర్ కైండ్‌నెస్" అన్నాను. చూపు తిప్పి హెలెనాని చూశాను. ఆమె మొహంలో రక్తం లేదు.

సిస్టర్ డోయల్ కవరు తెరిచింది. ఒకసారి చదివింది. కాగితం తిప్పి వెనక చూసింది. తర్వాత హెలెనా వైపు చూసి అడిగింది. ఆవిడ మాటలు నాకు తెలిసిన మేరకు ఇవి: "దీని మీద సంతకం లేదు. ఇది నీ నిర్ణయమా?"

"కాదు సిస్టర్."

"అయితే నీ నిర్ణయం ఏమిటి?"

హెలెనా చీర కొంగు సర్దుకుని చెప్పడం మొదలుపెట్టింది. అప్పటిదాకా నేను ఆమెను ఇంట్లో కూర తాలింపు వేస్తూనో, షిఫ్టు నుంచి వచ్చి కాళ్ళు చాపుకుంటూనో చూశాను. ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. అక్టోబరు ఎనిమిది నుంచి పన్నెండు నెలల సెలవు కావాలంది. డాక్టరు సర్టిఫికెట్ బల్ల మీద పెట్టింది. ఆ ఏడాది గ్లాడ్‌స్టన్‌లో ఉంటాను, డిగ్రీలో రెండు సబ్జెక్టులు చేస్తాను. అక్కడి ఆసుపత్రిలో పర్మనెంటు ఉద్యోగం దొరికితే మధ్యలో తెగకుండా అక్కడికి మారతాను, లేకపోతే ఇక్కడికే తిరిగి వస్తాను అంది. "ఐదేళ్ళలో నేను నర్సులకి పాఠం చెప్పాలి సిస్టర్. దానికి డిగ్రీ, తెగని సర్వీసు రెండూ కావాలి. మీ దగ్గర దాచేది లేదు."

ఇంత నిక్కచ్చిగా చెబితే పొమ్మంటుందనుకున్నాను. సిస్టర్ డోయల్ మాత్రం కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. సున్నుండ ఒకటి తీసుకుంది. తింటూ నా వైపు తిరిగి, నాకు అర్థమయ్యేలా మెల్లగా చెప్పింది.

"అమ్మా, రాజీనామా ఎప్పుడైనా ఇవ్వచ్చు. ఏడాది పోయాక కూడా ఇవ్వచ్చు. ఇచ్చాక మాత్రం వెనక్కి తీసుకోవడం కష్టం. సెలవు మాకు మీరు చేసే అన్యాయం కాదు. అది ఆమె సంపాదించుకున్నది."

సెలవులో ఉన్న ఏడాది సర్వీసు లెక్కలోకి రాదు గానీ సర్వీసు తెగదు అని కూడా వివరించింది. సెలవు ముగిసే నాలుగు వారాల ముందు తిరిగి వస్తున్నట్టు కాగితం రాసి పంపాలి, అది మరిచిపోవద్దంది. ఫారం తీసి హెలెనా ముందు పెట్టింది. సుందర్ రాజు గారి ముత్యాలు తిరిగి నా చేతిలో పెట్టింది.

బస్ స్టాపులో కూర్చున్నాం. హెలెనాయే ముందు అంది.

"కుట్టు బడికి మీ తర్వాత ఎవరొచ్చారత్తయ్యా?"

"తెనాలి పిల్ల. ఇరవై ఆరేళ్ళు చేసింది. పింఛను తీసుకుంటోంది." ముప్పై ఏళ్ళు ఆ ఉత్తరం ఇచ్చినందుకు గొప్పగా చెప్పుకున్నాను. దాని ఖరీదు ఏమిటో మొదటిసారి ఆ బస్ స్టాపులో తెలిసింది.

"నిన్ను అవమానం చేశాను అమ్మాయ్."

"చేశారు," అంది. బస్సు వస్తుంటే లేచి, "సున్నుండలు మాత్రం బాగా కలిసొచ్చాయి" అంది.

నవంబరు పంతొమ్మిదిన షీనా పుట్టింది. జనవరిలో గ్లాడ్‌స్టన్ వెళ్ళాం. సముద్రం పక్కన పొగ గొట్టాల ఊరు, చెమట ఊరు. తెలుగు ముఖం ఒక్కటీ లేదు. ఫిబ్రవరిలో టూవూంబా నుంచి లావుపాటి కవరు వచ్చింది. హెలెనా పాలిస్తూ చదివేది. క్యాసెట్టులో లెక్చరర్ మాట్లాడుతుంటే షీనా నిద్రపోయేది, మేం పాడే లాలి పాటలకి మాత్రం లేచేది. జూన్‌లో పరీక్ష స్థానిక హైస్కూలు హాలులో. బిడ్డకి ఏడు నెలలు. హెలెనా పాలు పట్టి లోపలికి వెళ్ళింది. మూడు గంటలు నేను వరండాలో తోపుడు బండి అటూ ఇటూ నడిపాను. ఒక గంట తర్వాత షీనా ఏడుపు అందుకుంది. సీసా నోటికి పెట్టినా ఊరుకోలేదు. కిటికీలోంచి చూశాను. హెలెనాకి వినిపించింది. కలం ఆగింది. ఒక క్షణం కళ్ళు మూసుకుంది. మళ్ళీ రాసింది. నేను బండిని మైదానం అవతలికి, ఏడుపు వినపడనంత దూరం తీసుకుపోయాను. ఆ పరీక్షలో ఆమెకి డిస్టింక్షన్ వచ్చింది. దాంట్లో సగం నాదే అంటాను, ఎవరూ కాదనలేదు.

అసలు ముడి ఆగస్టులో పడింది. సెలవు అక్టోబరులో ముగుస్తుంది. గ్లాడ్‌స్టన్ ఆసుపత్రిలో పర్మనెంటు ఖాళీ లేదు. రోజు కూలి లెక్కన, పిలిచినప్పుడు రావడానికైతే రమ్మన్నారు. అందులో చేరాలంటే బ్రిస్బేన్ ఉద్యోగం వదులుకోవాలి, ఇన్నాళ్ళ సర్వీసు తెగిపోతుంది. సెప్టెంబరు మొదటి వారంలోపు బ్రిస్బేన్‌కి 'వస్తున్నాను' అని రాయాలి. సెలవు ముగిశాక కూడా ఫ్రాంక్లిన్‌కి అక్కడ ఇంకా పద్నాలుగు నెలల పని మిగిలి ఉంటుంది.

భోజనాల దగ్గర ఫ్రాంక్లిన్ అన్నాడు, "పిల్ల చిన్నది. ఇంకో ఏడాది ఆగితే ఏమవుతుంది హెలెనా? క్యాజువల్‌గా చేసుకో."

"ఏమవుతుందో నాకు తెలుసండీ. క్యాజువల్ అంటే ప్రతి ఏడాదీ మొదటి ఏడాదే."

"మరి నేనిక్కడ, నువ్వక్కడా?"

హెలెనాకి జవాబు ఉంది, ఆమె నోటితో చెప్పకూడని జవాబు. భర్తను వదిలి ఉద్యోగానికి వెళ్ళింది అనే మాట ఆమె తల మీద పడుతుంది. ఆ మాట నేనే చెప్పాలని నాకు తోచింది. గిన్నెలో చెయ్యి కడిగేసుకున్నాను.

"ఒరేయ్ ఫ్రాంక్లిన్, అది వెళ్తుంది. షీనాని తీసుకుని నేనూ వెళ్తాను. పద్నాలుగు నెలలు నువ్వు వండుకో. అన్నం వండటం ఇంజనీరుకి రాకపోతే ఆ పవర్ స్టేషన్ నీకెలా అప్పగించార్రా?"

"అమ్మా!"

"నాలుగు వారాలకోసారి రైలెక్కు. పిల్ల నిన్ను మర్చిపోదు. పెళ్ళాం అసలే మర్చిపోదు. నేను మర్చిపోనిస్తే కదా."

ఫ్రాంక్లిన్ కంచం తీసుకెళ్ళి సింకులో పెట్టాడు. చివరికి, "సాంబారు ఎలా చెయ్యాలో రాసిపెట్టి వెళ్ళు" అన్నాడు. మా వాడు మంచివాడు. నిదానంగా కదులుతాడు, అంతే.

బ్రిస్బేన్‌లో దిగిన మొదటి ఆదివారమే సుందర్ రాజు గారు పట్టుకున్నారు. "చెల్లెమ్మా, కొడుకొక ఊళ్ళో, కోడలొక ఊళ్ళో. మన వాళ్ళలో ఎక్కడైనా ఉందా?"

"అన్నయ్యగారూ, మీ అబ్బాయి మస్కట్‌లో తొమ్మిదేళ్ళు చేశాడు కదా. అప్పుడు మీ కోడలు ఏ ఊళ్ళో ఉంది?"

"నరసరావుపేటలో. అది వేరు. వాడు మగ..." అని ఆగిపోయారు. ఆయన భార్య వెనకనుంచి ఫక్కున నవ్వింది. ఆ తర్వాత ఆయన మమ్మల్ని ఏమీ అనలేదు. షీనాకి చిలక బొమ్మ తెచ్చారు కూడా.

హెలెనా మళ్ళీ అదే వార్డులో, సిస్టర్ డోయల్ ఒప్పుకున్న మీదట వారానికి మూడు రోజుల పర్మనెంటు పనిలో చేరింది. జీతం తగ్గింది, స్థానం తగ్గలేదు. పద్నాలుగు నెలలు సుఖంగా గడిచాయని రాస్తే అబద్ధం అవుతుంది. షీనాకి రెండుసార్లు చెవి నొప్పి, నాకు మోకాళ్ళు, ఫ్రాంక్లిన్ సాంబారు గిన్నె మాడి రెండు కొనాల్సి వచ్చింది. ఒకసారి రైలు దిగిన తండ్రిని చూసి షీనా ఏడ్చి నా కాళ్ళు పట్టుకుంది. వాడు మొహం తిప్పుకున్నాడు. ఆ రోజు హెలెనా కూడా 'ఇంక చాలు' అనబోయింది. నేను అననివ్వలేదు. 92లో మిగిలిన నాలుగు సబ్జెక్టులూ రాసేసింది. డిసెంబరులో ఫ్రాంక్లిన్ తిరిగొచ్చాడు, మార్కుల కాగితం కూడా వచ్చింది. మా ఇంటికి పన్నెండేళ్ళలో వచ్చిన మూడో డిగ్రీ అది, కోడళ్ళలో మొదటిది. ఎనిమిదో తరగతి చదివిన నేను పేరు గల అక్షరాల మీద వేలు పెట్టి చదివాను.

93 ఏప్రిల్‌లో ఏతాన్ పుట్టాడు. ఈసారి ఎవరూ రాజీనామా మాట ఎత్తలేదు. ఆరు నెలలే సెలవు తీసుకుంది. ఆమె తిరిగి వెళ్ళిన రెండో వారంలోనే ఆసుపత్రిలో నర్సులకు పాఠాలు చెప్పే ఎడ్యుకేటర్ ఉద్యోగానికి మనిషిని పిలిచారు. ఇప్పుడున్నావిడ కానుపుకి వెళ్తోంది, ఆమె తిరిగొచ్చేదాకా తాత్కాలికం. ఐదుగురు పోటీ పడ్డారు. ఇంటర్వ్యూలో ఒకరు, "ఇద్దరు పిల్లలు, ఒక బదిలీ, ఇన్ని విరామాలు. పని మీద మనసు నిలుస్తుందా?" అని అడిగారట. హెలెనా చెప్పిందట: "సెలవు తీసుకున్నాను. వదల్లేదు. నా ఫైలులో 88 జూలై నుంచి ఒకే ఒక్క చేరిక తేదీ ఉంది, చూడండి." వాళ్ళు చూశారు. పోయిన వారం మొదట్లో ఉత్తరం వచ్చింది. జనవరి నుంచి పాఠాలు ఆమెవి.

శనివారం ఫ్రాంక్లిన్ ఏతాన్‌ని భుజాన వేసుకుని వంటింట్లోకి వచ్చాడు. ఆఫీసులో మళ్ళీ బదిలీ మాట, ఈసారి గ్లాడ్‌స్టన్‌కి కూడా అవతలున్న మెకై అనే ఊరికి. నేను గరిటె కింద పెట్టాను. హెలెనా తలెత్తింది.

"వెళ్తానని చెప్పొచ్చారా?" అంది.

"లేదు. ఈసారి ముందు నీ తేదీలు చూశాను. మా ఆవిడకి జనవరిలో కొత్త పని మొదలవుతోంది, ఆరు నెలలు ఆగండి అన్నాను. సరే అన్నారు."

హెలెనా చేతులు తుడుచుకుంది. "ఆరు నెలలు కాదండీ. ఆవిడ సెలవు ఏడాది. మధ్యలో వెళ్ళిపోతే నా క్లాసు పిల్లలు ఏమైపోతారు? ఏడాది అడగండి."

"ఒకసారి అడిగాను కదే, మళ్ళీనా?"

"మళ్ళీ."

ఫ్రాంక్లిన్ నా వైపు చూశాడు. నేను పప్పు కలుపుతున్నాను. సోమవారం పొద్దున వెళ్ళి అడిగాడు. ఇచ్చారు.